గొడవపడ్డ ఇద్దరికీ కలిపి ఒకే మెయిల్: ఎవరి పక్షం తీసుకోకుండా మాటలకు పిలవడం ఎలా

టీమ్‌లో ఇద్దరికి చెడింది. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలని మీరు నిర్ణయించుకున్నారు. దానికి ముందు వెళ్లాల్సిన మెయిల్ ఎలా రాయాలో ఇక్కడ చెప్తాను. ఈ మెయిల్ గొడవను తీర్చదు. తీర్చాలని చూస్తే ఇంకా పెంచుతుంది. ఇద్దరూ ఒకే గదిలోకి, తమ మాట కూడా వింటారన్న నమ్మకంతో వస్తే దాని పని అయిపోయినట్టే. అది వినడానికి చిన్న పనే గానీ, ఇలాంటి మెయిల్‌ను ఇద్దరూ భూతద్దం పెట్టి చదువుతారు. "నా పేరు రెండోది ఎందుకు పెట్టారు?" అన్నదాకా వెళ్తుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థ అనుకోండి. ఆఫీసు బ్రాడీపేటలో, గోడౌన్ మిర్చి యార్డు దగ్గర్లో. డిస్పాచ్ చూసేది రమణ, క్వాలిటీ చూసేది సునీత. ఇవి ఉదాహరణ కోసం పెట్టుకున్న పేర్లే. యార్డుకు సరుకు పోటెత్తే ఫిబ్రవరి, మార్చి రోజులు. ఎగుమతికి వెళ్లే మిర్చి శాంపిల్‌కు స్పైసెస్ బోర్డు ల్యాబ్‌లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందేమోనన్న పరీక్ష జరిగి రిపోర్టు రావాలి. రిపోర్టు ఇంకా చేతికి రాలేదు, రమణ లోడింగ్ మొదలుపెట్టించాడు. సునీత వచ్చి ఆపించింది. లారీ రెండు రోజులు గేటు దగ్గరే నిలబడింది.

లోడింగ్ ఆగిన రోజు రాత్రే వాట్సాప్ గ్రూపులో రమణ "లారీ వెయిటింగ్ ఛార్జీ ఎవరి జీతంలో కోస్తారో క్వాలిటీ వాళ్లు చెప్తే బాగుంటుంది" అని పెట్టాడు. "రూల్స్ తెలియనివాళ్లకి గ్రూపులో పాఠాలు చెప్పలేను" అని సునీత జవాబు. ఆ గ్రూపులో హమాలీ మేస్త్రి కూడా ఉన్నాడు. అప్పటి నుంచి రమణకు లాట్ నంబరు కావాలంటే ఆఫీసు కుర్రాడిని పంపిస్తున్నాడు. మేనేజర్ మీరు.

ముందు: ఈ మెయిల్ రాయకూడని గొడవలు

ఇద్దరినీ సమానంగా చూసే మెయిల్, ఇద్దరూ సమానంగా మాట్లాడగల గొడవకే పనికొస్తుంది. ఒకరు ఇంకొకరికి భయపడుతున్నారంటే, బెదిరింపులు ఉన్నాయంటే, కులం పేరుతో మాటలు వచ్చాయంటే ఇది దారి కాదు. లైంగిక వేధింపుల ఫిర్యాదైతే అసలే కాదు. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట దాని కోసం అంతర్గత కమిటీ ఉండాలి. విచారణకు ముందు రాజీ ప్రయత్నం కావాలన్నా, ఫిర్యాదు చేసిన మహిళ తానే అడగాలి, కమిటీయే చేయాలి. మధ్యలో మేనేజర్ "ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అంటే అది ఆమె మీద ఒత్తిడి పెట్టడమే.

ఇంకో రకం కూడా ఉంది. ఒకరు రాతపూర్వకంగా ఉన్న నియమాన్ని స్పష్టంగా దాటారనుకోండి. ఆ విషయం మేనేజర్‌గా మీరు ఆ ఒక్కరితో విడిగా తేల్చుకోవాలి. దాన్ని ఉమ్మడి సమావేశంలో ఇంకొకరి చేత చెప్పించకూడదు. మన ఉదాహరణలో రిపోర్టుకు ముందు లోడింగ్ చేయొచ్చా లేదా అన్నది కంపెనీ నిర్ణయం. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పుకోవాలన్నదే వాళ్లిద్దరూ మాట్లాడుకోవాల్సిన సంగతి. ఈ రెండూ విడదీయకుండా మెయిల్ మొదలుపెట్టకండి.

మొదటి అడుగు: మెయిల్ కన్నా ముందు మాట

మెయిల్ చూసి ఎవరూ ఉలిక్కిపడకూడదు. అది వెళ్లేరోజే, లేదా ముందురోజు, ఇద్దరితోనూ విడివిడిగా పది నిమిషాలు మాట్లాడండి. ఇద్దరినీ ఒకే మూడు ప్రశ్నలు అడగండి. ఇప్పుడు పనిలో ఏది ఆగుతోంది? అవతలివాళ్ల నుంచి మీకు కావాల్సింది ఏమిటి? నేను కూడా ఉండి, ముగ్గురం కలిసి మాట్లాడుకోవడానికి అభ్యంతరం ఉందా?

ఈ మాటలు ఎక్కడ జరిగాయన్నది కూడా ఆఫీసంతా గమనిస్తుంది. రమణతో అరండల్‌పేటలో టీ తాగుతూ మాట్లాడి, సునీతను క్యాబిన్‌కు పిలిపించారంటే ఇక మెయిల్‌లో ఎంత సమానత్వం ఒలకబోసినా లాభం లేదు. ఒకే చోటు, ఇంచుమించు ఒకే సమయం. ఒకరు చెప్పింది ఇంకొకరికి మోయకండి, మంచి మాటైనా సరే. "ఆవిడకి మీమీద గౌరవమే ఉందండీ" అని మీరు సర్దిచెబితే, రేపు ఆ గదిలో ఆవిడ ముఖం చూసి రమణ మీ మాటను బేరీజు వేస్తాడు.

ఎవరైనా "పంచాయితీ పెడుతున్నారా?" అని అడగడం ఖాయం. లేదనే చెప్పండి, ఎందుకు కాదో కూడా చెప్పండి: తీర్పు ఉండదు, ఎవరిది తప్పో తేల్చరు, ముందుకు పని ఎలా నడవాలో మీరిద్దరే తేల్చుకుంటారు. ఇదే మాట తర్వాత మెయిల్‌లోనూ రావాలి. నోటితో ఒకటి, రాతలో ఒకటి ఉంటే అనుమానం పుడుతుంది.

రెండో అడుగు: విషయాన్ని చెప్పే రెండు వాక్యాలు

మెయిల్ మొత్తంలో కష్టమైన చోటు ఇదే. మిగతాదంతా ఏర్పాట్లు. మామూలుగా మొదటిసారి చేతికొచ్చే రాత ఇలా ఉంటుంది:

> రమణ అన్నా, సునీత గారూ,
> మీ ఇద్దరి గొడవ వల్ల టీమ్ మొత్తం ఇబ్బంది పడుతోంది. రిపోర్టు లేటవుతుందని కనీసం ఒక ఫోన్ చేసి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు. రమణ అన్న కూడా కాస్త తొందరపడ్డారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, అర్థం చేసుకుంటారనుకుంటున్నాను. సోమవారం 4 గంటలకు నా క్యాబిన్‌కి రండి.

రాసినవాళ్లు మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ సునీత కళ్లతో చదవండి. మొదటి పలకరింపులోనే ఒకరు అన్న, ఒకరు గారు. నోటితో అన్నా అని పిలిచే అలవాటు ఎంతకాలంగా ఉన్నా, ఈ మెయిల్‌లో మాత్రం ఇద్దరికీ గారు పెట్టాల్సిందే. తర్వాత "కనీసం ఒక ఫోన్" అనడంతో తప్పు సునీతదని తేలిపోయింది. రమణ దగ్గరికి వచ్చేసరికి "కాస్త తొందరపడ్డారు". ఒకరికి కనీసం, ఇంకొకరికి కాస్త. ఇద్దరినీ అన్నారు కాబట్టి సరిపోయిందని మీరనుకుంటారు, ఆవిడ మాత్రం తూకం వేసి చూస్తుంది.

ఇప్పుడు రమణ కళ్లతో. "గొడవ వల్ల టీమ్ మొత్తం ఇబ్బంది" అంటే నామీద నలుగురూ ఏదో చెప్పారన్నమాట. ఎవరు చెప్పారు? ఆ క్షణం నుంచి అతని బుర్ర సమావేశం మీద ఉండదు, ఆ నలుగురెవరన్న దానిమీద ఉంటుంది. "చదువుకున్నవాళ్లు" అన్నది ఇద్దరికీ సుద్దులు చెప్పినట్టే.

మరి నిజాలు మాత్రమే రాస్తే సరిపోతుందా? అక్కడే చాలామంది బోల్తాపడతారు. "రిపోర్టు రాకముందే లోడింగ్ మొదలైంది" అన్నది నిజమే, కానీ వేలు రమణవైపు చూపిస్తుంది. "రిపోర్టు ఆలస్యమైంది" అన్నదీ నిజమే, ఈసారి వేలు సునీతవైపు. కథను ఎక్కడ మొదలుపెట్టారన్న దాన్నిబట్టే దోషి మారిపోతాడు. కాబట్టి ఇద్దరూ ఒప్పుకునే సంఘటన ఒక్కటి వెతకండి. ఇక్కడ అది "లోడింగ్ మధ్యలో ఆగింది, లారీ రెండు రోజులు నిలిచింది" అన్నదే. దాన్ని ఇద్దరిలో ఎవరూ కాదనరు.

కారణం గురించి ఒక్క ముక్క కూడా వద్దు. దాని బదులు, అభిప్రాయాలు ఎక్కడ వేరవుతున్నాయో రాయండి:

> గత మంగళవారం కంటైనర్ లోడింగ్ మధ్యలో ఆగి, లారీ రెండు రోజులు నిలిచింది. ల్యాబ్ రిపోర్టు, లోడింగ్ విషయంలో ఎవరు ఎవరికి ఎప్పుడు సమాచారం ఇవ్వాలన్న దానిమీద మీ ఇద్దరి ఆలోచనలు వేరుగా ఉన్నాయని నాకు అర్థమైంది.

"నాకు అర్థమైంది" అన్నది కావాలనే పెట్టింది. నేను పొరబడి ఉంటే సరిదిద్దవచ్చన్న చోటు అందులో ఉంది. "ఇద్దరి తప్పూ ఉంది" అని సమానంగా పంచడం మాత్రం తటస్థత కాదు. ఎవరి తప్పో ఇంకా వినకుండానే చెరిసగం రాసేయడం కూడా తీర్పే.

రాసింది సరిగా ఉందో లేదో చూడ్డానికి ఒక సులువైన పరీక్ష: పేర్లు తారుమారు చేసి చదవండి. రమణ ఉన్నచోట సునీత, సునీత ఉన్నచోట రమణ. ఏ వాక్యమైనా ఎబ్బెట్టుగా అనిపిస్తే ఆ వాక్యంలో మొగ్గు ఉంది. ఆ తర్వాత కనీసం, అయినా, ఇంకా, మాత్రం లాంటి చిన్న ముక్కలు ఎక్కడున్నాయో చూసి, తీసేసినా అర్థం నిలబడితే తీసేయండి. మన భాషలో నింద ఎక్కువగా ఇలాంటి వాటిలోనే దాక్కుంటుంది. వాట్సాప్‌లో అనుకున్న మాటలు మెయిల్‌లోకి తేకండి, స్క్రీన్‌షాట్లు అసలే వద్దు. ఆ మాటలు ఇద్దరికీ గుర్తున్నాయి.

మూడో అడుగు: మాట్లాడుకునే పద్ధతి

నియమాలు నాలుగు, మహా అయితే ఐదు. ఎక్కువైతే స్కూల్లో గోడమీద అంటించిన చార్టులా ఉంటుంది, ఎవరూ చదవరు. ప్రతి నియమం కంటికి కనిపించేదై ఉండాలి. "పరస్పరం గౌరవించుకోవాలి" అన్నది నియమం కాదు, ఎందుకంటే అది తప్పిందని ఆ గదిలో మీరు ఎత్తి చూపలేరు. "ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో ఆపకూడదు" అన్నది తప్పితే వెంటనే తెలుస్తుంది, "రమణ గారూ, వారిని పూర్తిచేయనిద్దాం" అని మామూలుగా అనగలరు.

మొదటి వంతుకు సమయం కొలిచి ఇవ్వండి. తలా ఏడు నిమిషాలు బాగా సరిపోతుంది. ఎవరు ముందు? దీన్ని మీరు నిర్ణయిస్తే మళ్లీ మొగ్గు. రూపాయి బిళ్ల ఎగరేస్తామని మెయిల్‌లోనే రాసేయండి. నవ్వులాటగా అనిపించినా, ఆ ఒక్క వాక్యంతో ఒక అనుమానం పోతుంది.

ఏం మాట్లాడవచ్చన్న హద్దు కూడా ముఖ్యం. మనవాళ్లలో గొడవ వస్తే మూడేళ్ల కిందటి దసరా బోనస్ దాకా వెళ్లిపోతుంది. అందుకని, ఈసారి లోడింగ్, రిపోర్టుల సంగతే అని రాయండి. "మీరెప్పుడూ ఇంతే" లాంటి మాటల బదులు ఫలానా రోజు ఏం జరిగిందో చెప్పమనండి.

గోప్యత దగ్గర జాగ్రత్త. "ఇక్కడి మాట గడప దాటదు" అని మాటివ్వాలనిపిస్తుంది, ఇవ్వకండి. ఎవరి భద్రతకైనా, చట్టానికైనా సంబంధించిన విషయం బయటపడితే మీరు పైకి చెప్పి తీరాలి. ఆ మినహాయింపు ముందే రాయకపోతే రేపు మాట తప్పినవాళ్లవుతారు. మాట్లాడింది మన ముగ్గురి మధ్యే, ఒప్పుకున్న పని పద్ధతి మాత్రమే రాసుకుంటాం, ఈ మినహాయింపు ఉంది. ఇంత చాలు.

చివరిది విరామం. ఎవరైనా ఐదు నిమిషాలు బయటికి వెళ్తానంటే కారణం అడగకుండా ఆపేయాలి. ఇది ఎవరికో ఒకరికి అవసరం పడుతుంది, ముందే రాసి ఉంటే దాన్ని ఓటమిగా అనుకోరు.

ఇవన్నీ మీరు విధిస్తున్నట్టు కాక, ప్రతిపాదిస్తున్నట్టు ఉండాలి. మార్చాలన్నా, కొత్తది కలపాలన్నా చెప్పమని అడగండి. ఎవరైనా ఒక మార్పు అడిగితే సంతోషించండి. ఆ సమావేశం తనది కూడా అని వాళ్లు అనుకోవడం అప్పుడే మొదలవుతుంది.

నాలుగో అడుగు: చోటు, వేళ

మీ క్యాబిన్ వద్దు, క్వాలిటీ గదీ వద్దు, గోడౌన్‌లో డిస్పాచ్ టేబుల్ అంతకన్నా వద్దు. బ్రాడీపేట ఆఫీసులో మీటింగ్ గది ఉంటే అదే. అద్దాల గదైతే తెర వేయించండి, లేదా అందరూ వెళ్లిపోయే వేళ కాకుండా, జనం తక్కువుండే ఉదయం పెట్టండి. నలభై ఐదు నిమిషాలు చాలు. రెండు సమయాలు ఇచ్చి ఎంచుకోమనండి. యార్డులో వేలం, లారీల లోడింగ్ జోరుమీదుండే గంటల్లో రమణ మనసు అక్కడే ఉంటుంది. అలాగని యార్డుకు వేసవి సెలవులిచ్చాక చూద్దాంలే అని వాయిదా వేస్తే, ఈలోపు మరో నాలుగు లారీలు ఆగుతాయి.

మెయిల్ మొత్తం

> సబ్జెక్ట్: రిపోర్టు, లోడింగ్ సమాచారం గురించి ముగ్గురం మాట్లాడుకుందాం
>
> రమణ గారూ, సునీత గారూ,
>
> (పేర్లు అక్షర క్రమంలో రాశాను.)
>
> మీ ఇద్దరితో విడివిడిగా మాట్లాడిన తర్వాత, మీరిద్దరూ సరేనన్న మీదట ఈ మెయిల్ రాస్తున్నాను. ఇద్దరికీ ఒకే మెయిల్, ఇంకెవరికీ పంపలేదు.
>
> గత మంగళవారం కంటైనర్ లోడింగ్ మధ్యలో ఆగి, లారీ రెండు రోజులు నిలిచింది. ల్యాబ్ రిపోర్టు, లోడింగ్ విషయంలో ఎవరు ఎవరికి ఎప్పుడు సమాచారం ఇవ్వాలన్న దానిమీద మీ ఇద్దరి ఆలోచనలు వేరుగా ఉన్నాయని నాకు అర్థమైంది. తర్వాతి కంటైనర్‌కు ఈ సమాచారం ఎలా అందాలో ముగ్గురం కూర్చుని అనుకుందామని నా ప్రతిపాదన. ఎవరిది తప్పో తేల్చడానికి కాదు. నేను తీర్పు చెప్పను, మాటలు సాగేలా చూస్తాను.
>
> సమయం: సోమవారం ఉదయం 9:30 లేదా మంగళవారం ఉదయం 9:30. నలభై ఐదు నిమిషాలు. బ్రాడీపేట ఆఫీసు మీటింగ్ గదిలో.
>
> మాట్లాడుకునే పద్ధతి ఇలా ఉంటే బాగుంటుందనుకుంటున్నాను:
>
> 1. మొదట ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, మధ్యలో ఎవరూ ఆపకూడదు. ఎవరు ముందన్నది బొమ్మా బొరుసూ వేసి చూద్దాం.
> 2. ఈసారికి రిపోర్టు, లోడింగ్ సంగతే. జరిగింది చెప్పుకుందాం, మనిషి ఎలాంటివారన్నది వద్దు.
> 3. ఎవరైనా ఎప్పుడైనా ఐదు నిమిషాల విరామం అడగవచ్చు.
> 4. మాట్లాడింది మన ముగ్గురి మధ్యే ఉంటుంది. ఎవరి భద్రతకైనా, చట్టానికైనా సంబంధించిన విషయం వస్తే మాత్రం నేను పైవారికి చెప్పాల్సి ఉంటుంది. ఒప్పుకున్న పని పద్ధతి ఒక్కటే రాసుకుందాం.
>
> వీటిలో ఏదైనా మార్చాలన్నా, కలపాలన్నా చెప్పండి. ముందు నాతో మళ్లీ విడిగా మాట్లాడాలనిపిస్తే అదీ సరే.
>
> ఏ సమయం కుదురుతుందో శుక్రవారం సాయంత్రంలోగా నాకు ఒక్కరికే రిప్లై ఇవ్వండి. జరిగిన విషయం గురించి మెయిల్‌లో రాయనక్కర్లేదు, దానికోసమే కూర్చుంటున్నాం.
>
> ధన్యవాదాలు.

సబ్జెక్ట్ లైన్‌లో గొడవ, వివాదం, కంప్లయింట్ లాంటి మాటలు లేవు చూడండి. ఫోన్ టేబుల్ మీద ఉంటే నోటిఫికేషన్ పక్కవాళ్లకీ కనబడుతుంది. మెయిల్ తెలుగులో ఎందుకంటే, వాళ్లు రోజూ మాట్లాడుకునేది, మాటలు విసురుకున్నదీ తెలుగులోనే. మన ఆఫీసుల్లో ఇంగ్లిష్ మెయిల్ వచ్చిందంటే మెమో ఇచ్చారన్న టెన్షన్ మొదలవుతుంది. ఇద్దరిలో ఒకరికి తెలుగు చదవడం అలవాటు లేకపోతే అది వేరే సంగతి.

ఐదో అడుగు: పంపడం

ఇద్దరి పేర్లూ "టు"లోనే. ఒకరిని టులో, ఒకరిని సీసీలో పెడితే అంతా చెడుతుంది. ఎండీని గానీ హెచ్‌ఆర్‌ని గానీ సీసీలో పెట్టకండి, రహస్యంగా బీసీసీలోనూ వద్దు. వాళ్లకు చెప్పాల్సి ఉంటే విడిగా చెప్పండి, చెప్పిన సంగతి ఇద్దరికీ తెలియాలి. పని వేళల్లో, ఇద్దరూ డ్యూటీలో ఉన్న రోజు పంపండి. రాత్రి పదింటికి వచ్చిన మెయిల్‌ను పడుకోకుండా చదువుకుంటారు. ఒకరు సెలవులో ఉంటే వచ్చేదాకా ఆగండి.

జవాబులు వచ్చాక

రమణ రిప్లై ఆల్ కొట్టి, "సోమవారం ఓకే సార్. కానీ ఆ రోజు నాకెవరూ రిపోర్టు సంగతి చెప్పలేదు, ఫోన్ రికార్డు ఉంది" అని రాశాడనుకోండి. తరచుగా జరిగేది ఇదే. రిప్లై ఆల్‌లోనే, వీలైనంత త్వరగా, చిన్నగా జవాబివ్వండి: "సోమవారానికి ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు. మిగతా విషయం అక్కడే విందాం. సునీత గారూ, దీనికి మెయిల్‌లో జవాబు ఇవ్వనక్కర్లేదు." రమణను మందలించకండి, అతను చెప్పింది నిజమా కాదా అన్న జోలికి వెళ్లకండి. తర్వాత సునీతకు ఒక ఫోన్ చేసి, ఆ మాటను మీరు ఒప్పుకున్నట్టు కాదని మాత్రం చెప్పండి. రమణకూ ఫోన్ చేసి, సునీతతో మాట్లాడానని చెప్పండి.

ఒకరు జవాబే ఇవ్వకపోతే గడువు దాటిన తర్వాత మెయిల్ మీద మెయిల్ పెట్టకండి, వెళ్లి అడగండి. చాలాసార్లు అడ్డం పడేది సమావేశం కాదు, ఒకానొక నియమమో, చోటో, లేదా "మీరు అతని పక్షమే కదా" అన్న అనుమానమో. ఆ అనుమానం నిజంగా బలంగా ఉంటే మీరు తప్పుకుని, ఇద్దరూ ఒప్పుకునే వేరే విభాగం మనిషిని కూర్చోబెట్టడం మంచిది. అకౌంట్స్‌లో పెద్దావిడ ఒకరుంటారు చూడండి, అందరూ అక్కా అని పిలిచే మనిషి. అలాంటివాళ్లు మేనేజర్ కన్నా బాగా చేస్తారు.

స్పష్టంగా వద్దన్నారంటే బలవంతం చేయకండి. "రమ్మన్నా రాలేదు" అని ఇంకొకరికి చెప్పకండి కూడా. "ఉమ్మడి మాటలు ప్రస్తుతానికి జరగడం లేదు, రిపోర్టు చేతికి వచ్చిందని క్వాలిటీ నుంచి మెసేజ్ వెళ్లాకే లోడింగ్ మొదలవ్వాలి" అని పని పద్ధతిని మీ నిర్ణయంగా ఇద్దరికీ ఒకే మెయిల్‌లో పంపండి. ఇద్దరూ సరేనంటే క్యాలెండర్ ఇన్వైట్ పెట్టండి, దానికి శీర్షికగా మెయిల్ సబ్జెక్టే పెట్టి, ప్రైవేట్‌గా మార్క్ చేయండి. ఆఫీసు క్యాలెండర్ అందరికీ కనబడుతుంది.